'మోర్' ముందుకు వెళ్తే దాని వెంట ఏం వెళ్లాలి?

ప్రశ్న: "అమీర్‌పేటలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను సార్. ఒక మాక్ టెస్టులో 'ద మోర్ ద ఫ్లాట్ ఈజ్ బిగ్, ద మోర్ ద రెంట్ ఈజ్ హై' అన్న వాక్యాన్ని ఒప్పు అని గుర్తిస్తే మార్కు పోయింది. 'ద మోర్ యూ రీడ్, ద మోర్ యూ లెర్న్' మాత్రం ఒప్పట. రెండూ ఒకేలా ఉన్నాయి కదా? అసలు మోర్ ముందు 'ద' ఎందుకు? బెటర్, వర్స్ లాంటివి ఇందులో ఎలా వాడాలో కూడా చెప్పగలరు."

జవాబు:

పైకి ఒకేలా కనిపిస్తున్నా ఆ రెండు వాక్యాల్లో 'మోర్' చేస్తున్న పని వేరు. ఆ తేడా పట్టుబడితే ఈ తరహా ప్రశ్నల్లో చాలావరకు మీకు తేలికైపోతాయి.

మొదట ఒప్పు వాక్యాన్నే విప్పి చూద్దాం. 'ద మోర్ యూ రీడ్' అనే ముక్కను మామూలు వాక్యంగా సర్దితే 'యూ రీడ్ మోర్' అవుతుంది. ఎక్కువ చదువుతావు అని అర్థం. ఇక్కడ మోర్ క్రియను అంటిపెట్టుకున్న మాట. దాని పక్కన వేరే విశేషణం లేదు, నామవాచకం లేదు. ఒంటరిగా ఉంది కాబట్టి ఒంటరిగానే వాక్యం ముందుకు వచ్చింది. వెనుక 'యూ రీడ్' మిగిలింది. అందులో ఏ లోటూ లేదు.

ఇప్పుడు మీ వాక్యం. 'ద మోర్ ద ఫ్లాట్ ఈజ్ బిగ్' అన్నదాన్ని కూడా అలాగే వెనక్కి సర్దండి. 'ద ఫ్లాట్ ఈజ్ మోర్ బిగ్' అని వస్తుంది. ఇది ఇంగ్లీషు కాదని మీకే తెలుసు. ఇంకా పెద్దది అనడానికి 'బిగర్' అనే ఒక్క మాట ఉంది. ముందుకు రావలసింది ఆ మాటే. అప్పుడు వాక్యం 'ద బిగర్ ద ఫ్లాట్ ఈజ్, ద హయ్యర్ ద రెంట్ ఈజ్' అవుతుంది. మీరు మోర్‌ను ముందుకు పంపి, అది పోల్చవలసిన 'బిగ్'ను వెనుక వదిలేశారు. తప్పు అంతా అక్కడే ఉంది.

విశేషణం పొడవుగా ఉండి, దానికి మోర్ తగిలించవలసి వచ్చినా ఇదే పద్ధతి. 'ద ఫ్లాట్ ఈజ్ మోర్ ఎక్స్‌పెన్సివ్' సరైన వాక్యమే. దాన్ని ఈ అచ్చులోకి తెచ్చేటప్పుడు 'మోర్ ఎక్స్‌పెన్సివ్' రెండూ కలిసి ముందుకు రావాలి: 'ద మోర్ ఎక్స్‌పెన్సివ్ ద ఫ్లాట్ ఈజ్'. 'ద మోర్ ద ఫ్లాట్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్' అనకూడదు. పరీక్షల్లో ఎక్కువగా ఇచ్చే తప్పు కూడా ఇదే. చూడగానే తప్పనిపించదు, అందుకే ఇస్తారు.

ఈ తప్పుకు తెలుగే కారణమని కోచింగుల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. "ఫ్లాట్ ఎంత పెద్దదైతే అద్దె అంత ఎక్కువ" అంటాం. ఈ వాక్యంలో 'ఎంత' ఎక్కడ కూర్చుందో చూడండి. సరిగ్గా 'పెద్ద' పక్కనే. "ఎంత ఫ్లాట్ పెద్దదైతే" అని ఎవరూ అనరు. అంటే కొలిచే మాటనూ గుణాన్నీ విడదీయకూడదని తెలుగు మీకు ముందే నేర్పింది. ఇంగ్లీషులో తేడా ఒక్కటే: ఆ జంట మొత్తం వాక్యం మొదటికి జరుగుతుంది. 'ఎంత' అంటే 'ద మోర్' అని ఎక్కడో బట్టీపట్టి ఉంటారు, చిక్కు అక్కడి నుంచి వచ్చింది. 'ఎంత పెద్ద' కలిపితే 'ద బిగర్', 'ఎంత త్వరగా' కలిపితే 'ద సూనర్', 'ఎంత ఎక్కువ' అయితేనే 'ద మోర్'. ఇలా జంటగా గుర్తుపెట్టుకోండి.

వాక్యం కొత్తగా కట్టవలసి వచ్చినప్పుడు ఒకేసారి కట్టబోకండి. మూడు అడుగుల్లో కడితే తప్పు జరగడానికి చోటు ఉండదు. ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తాను.

మీరు చెప్పదలచుకున్నది ఇదీ అనుకుందాం: ఇంటి నుంచి ఎంత పెందలాడే బయలుదేరితే దారిలో ట్రాఫిక్ అంత తక్కువ. మొదటి అడుగులో పోలిక ఏమీ లేకుండా రెండు మామూలు వాక్యాలు రాయండి: 'యూ లీవ్ ఎర్లీ.' 'యూ ఫేస్ లిటిల్ ట్రాఫిక్.' రెండో అడుగులో ఆ వాక్యాల్లో మారే కొలత ఏదో గుర్తించి, దాన్ని కంపారటివ్ చేయండి. ఎర్లీ అనేది ఎర్లియర్ అవుతుంది. లిటిల్ అనేది లెస్ అవుతుంది. 'యూ లీవ్ ఎర్లియర్.' 'యూ ఫేస్ లెస్ ట్రాఫిక్.' ఇవి కూడా చక్కని వాక్యాలే. కాకపోతే ఈ మెట్టు దగ్గర ఒక నిమిషం ఆగండి. లెస్ ఇక్కడ ఒంటరిగా లేదు, ట్రాఫిక్ అనే నామవాచకానికి అతుక్కుని ఉంది. 'లెస్ ట్రాఫిక్' ఒక ముద్ద. మూడో అడుగులో ఆ ముద్దలను విడగొట్టకుండా వాక్యం ముందుకు తెచ్చి, ముందు 'ద' పెట్టండి: 'ది ఎర్లియర్ యూ లీవ్, ద లెస్ ట్రాఫిక్ యూ ఫేస్.' అయిపోయింది.

ఇదే వాక్యాన్ని మూడో అడుగులో 'ద లెస్ యూ ఫేస్ ట్రాఫిక్' అని రాసేవాళ్లు చాలామంది. 'ద మోర్ యూ గెట్ మార్క్స్' అనేదీ ఆ కోవకు చెందిందే. 'గెట్ మోర్ మార్క్స్' అనే మామూలు వాక్యంలో మోర్ మార్క్స్‌కు చెందినది. కాబట్టి 'ద మోర్ మార్క్స్ యూ గెట్' అనాలి. నామవాచకం ఉన్నచోట ఒక వెసులుబాటు కూడా ఉంది, అది తెలుసుకోండి. 'ద మోర్ యూ ఈట్ బిర్యానీ' అన్నది వ్యాకరణపరంగా తప్పు కాదు, అర్థం మారుతుంది. అక్కడ మోర్ క్రియకు చెందుతుంది: బిర్యానీ తినడం అనే పని ఎంత ఎక్కువగా చేస్తే అని. 'ద మోర్ బిర్యానీ యూ ఈట్' అంటే పళ్లెంలో ఎంత ఎక్కువ పరిమాణం లాగిస్తే అని. మార్కుల విషయంలో మొదటి అర్థం పొసగదు. బిర్యానీ విషయంలో రెండూ పొసగుతాయి.

సరే, పరీక్ష హాల్లో మూడు అడుగులు రాసుకునే తీరిక ఉండదు. అక్కడ ఒక చిన్న తనిఖీ సరిపోతుంది. కామాకు ఈ పక్కన ఉన్న ముక్కలోంచి 'ద మోర్' అన్న రెండు మాటలనూ వేలితో మూసి మిగిలింది చదవండి. 'యూ రీడ్' మిగిలితే అది క్రియతో ముగిసింది, దిగుల్లేదు. 'ద ఫ్లాట్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్' మిగిలితే ఈజ్ తర్వాత ఒక విశేషణం ఒంటరిగా నిలబడి ఉంది. ఈజ్, ఆర్, బికమ్స్ లాంటి క్రియల తర్వాత అలా విశేషణం మిగిలిపోయిందంటే అది ముందుకు రావలసినదే. తప్పు దొరికినట్టే. ఆ తర్వాత కామాకు ఆ పక్కన కూడా ఇదే చేయండి, ఎందుకంటే ప్రశ్న తయారుచేసేవాళ్లు మొదటి సగం సరిగా రాసి రెండో సగంలో మెలిక పెట్టడం ఎక్కువ.

ఈ తనిఖీకి ఒక పరిమితి ఉంది. 'ద మోర్ ఐ గెట్ కన్‌ఫ్యూజ్డ్' లాంటి వాక్యాలు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల నోట కూడా వినిపిస్తాయి. గెట్ కన్‌ఫ్యూజ్డ్ మొత్తాన్నీ ఒక క్రియలా వాళ్లు భావించుకుంటారు. మాటల్లో అది చెల్లుతుంది. పరీక్షలో మాత్రం 'ద మోర్ కన్‌ఫ్యూజ్డ్ ఐ గెట్' అన్నదే రాయండి, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

ఇక ఆ 'ద' సంగతి. అడిగినందుకు సంతోషం, ఎందుకంటే దాన్ని మామూలు ఆర్టికల్ అనుకోవడం వల్లే చాలామంది దాన్ని వదిలేస్తారు. ఇది 'ద బుక్', 'ద సన్' అన్నప్పుడు వచ్చే 'ద' కాదు. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మాటలకు విభక్తులు ఉండేవి. 'అది' అని చూపే సర్వనామానికి, మన చేతన్, చేన్, తోడన్, తోన్ లాంటి తృతీయా విభక్తి రూపం ఒకటి ఉండేది. 'దానితో', 'అంతమేరకు' అని దాని అర్థం. విభక్తులన్నీ రాలిపోయిన తర్వాత ఆ రూపం అరిగి అరిగి, పలకడంలో ఆర్టికల్‌తో కలిసిపోయింది. అర్థం మాత్రం మిగిలింది. అందుకే ఈ అచ్చులో మొదటి 'ద' అంటే 'ఎంతమేరకు', రెండో 'ద' అంటే 'అంతమేరకు'. మన ఎంత, అంతలు చేసే పనినే ఆ రెండు 'ద'లు చేస్తున్నాయి. ఒకటి తీసేస్తే "ఎంత పెద్దదైతే ఎక్కువ" అని సగంలో ఆపినట్టే.

ఆ పాత 'ద' ఇంకొన్ని చోట్ల కూడా దాగి ఉంది. 'నెవర్‌దలెస్' అనే మాటను విడదీయండి: నెవర్, ద, లెస్. అంతమాత్రాన ఏమీ తగ్గదు అని. 'ఆల్ ద బెటర్' అంటే అంతకంతా మంచిదే అని. ఎవరైనా గంటసేపు వివరించాక కూడా మనకేమీ అర్థం కాకపోతే 'నన్ ద వైజర్' అంటారు. ఈ మూడింటిలోనూ 'ద' తర్వాత నామవాచకం లేదు, కంపారటివ్ ఉంది. అదే దాని ఆనవాలు.

'ద మోర్, ద మెరియర్' అనే సామెత కూడా కొత్తది కాదు. 1546లో జాన్ హేవుడ్ అచ్చు వేయించిన సామెతల సంకలనంలో అది ఉంది. సరదా ఏమిటంటే, అక్కడే దానికి ఎదురు సమాధానం కూడా ఉంది: మంది తక్కువైతే భోజనం ఇంకా బాగుంటుంది అని. ఎంతమంది వస్తే అంత సందడి అన్నవాడికి వంట ఖర్చు తెలిసినవాడు ఇచ్చిన జవాబన్నమాట. వ్యాకరణం దృష్టితో చూస్తే ఈ సామెతలో క్రియే లేదు. 'ద మోర్ పీపుల్ దేర్ ఆర్, ద మెరియర్ ఇట్ ఈజ్' అనే పూర్తి వాక్యంలో ఊహకు అందేవన్నీ వదిలేశారు. 'ద సూనర్, ద బెటర్' కూడా అంతే. రెండు వైపులా క్రియను తీసేయవచ్చు, ఒక వైపే తీసేయవచ్చు. 'ద బిగర్ ద ఫ్లాట్, ద హయ్యర్ ద రెంట్' అని రెండు ఈజ్‌లూ తీసేసినా సరైన వాక్యమే, వినడానికి ఇంకా బాగుంటుంది కూడా. కాని ఇలా తీసేయడం ఈజ్, ఆర్ లాంటి క్రియలకే. రీడ్, లీవ్ లాంటివి తీసేస్తే ఏం చేస్తున్నారో తెలియదు.

హైదరాబాద్ నగరంలో ఫ్లాట్ల ప్రకటనల్లోనూ పత్రికల శీర్షికల్లోనూ 'బిగర్ ద బెటర్', 'హయ్యర్ ద ఫ్లోర్, బెటర్ ద వ్యూ' లాంటివి మీకు తగులుతుంటాయి. మొదటి 'ద'ను, ఒక్కోసారి రెండింటినీ మింగేస్తారు. మన దేశంలో ఇది ఎంత అలవాటుగా మారిందంటే, చదువుకున్నవాళ్లకు కూడా తప్పు కనిపించదు. బ్యాంకు పరీక్ష మాత్రం దీన్ని తప్పుగానే లెక్కిస్తుంది. శీర్షికలో చూశాను కదా అని రాయకండి.

బెటర్, వర్స్ దగ్గరికి వద్దాం. ఇక్కడ పట్టుకోవలసిన సూత్రం ఒకటే: పోలిక గుర్తు ఒక్కసారే పడాలి. తెలుగులో విశేషణం మారదు. "వాడు వీడికంటే పొడుగు" అన్నప్పుడు పోలికను మోసేది 'కంటే'. పొడుగు పొడుగ్గానే ఉంటుంది. అందువల్ల మనకు రెండు రకాల తప్పులు వస్తాయి. కొందరు దాన్ మీదే భారం వేసి 'హీ ఈజ్ టాల్ దాన్ మీ' అంటారు. అక్కడ గుర్తు పడలేదు. ఇంకొందరు భయంతో రెండుసార్లు వేస్తారు: 'మోర్ టాలర్', 'మోర్ బెటర్'. ఒక అక్షరభాగం ఉన్న చిన్న మాటలకు చివర 'అర్' చేరుతుంది. హ్యాపీ, ఈజీ లాంటి 'ఈ' శబ్దంతో ముగిసే రెండు భాగాల మాటలకూ అంతే. సింపుల్, న్యారో, క్లెవర్ లాంటివి కూడా అదే దారి. పొడుగు మాటలకు మోర్. టయర్డ్, బోర్డ్ లాంటివి చూడటానికి చిన్నవే అయినా క్రియల నుంచి పుట్టాయి కాబట్టి వాటికి మోర్ వాడాలి. ఫన్ కూడా మోర్ ఫన్. ఇంతకు మించి ఈ విషయం మీద సమయం పెట్టనవసరం లేదు.

బెటర్, వర్స్, లెస్, మోర్ అనేవి అప్పటికే పోలికను కడుపులో పెట్టుకున్న మాటలు. వాటికి చివర 'అర్' కనబడకపోవచ్చు, అయినా గుర్తు పడిపోయినట్టే. ముఖ్యంగా వర్స్ మోసం చేస్తుంది. బెటర్ చివర 'అర్' ఉంది కాబట్టి అది కంపారటివ్ అని చెవికి తెలుస్తుంది. వర్స్ విడిగా ఒక కొత్త మాటలా ఉంటుంది. అందుకే 'మోర్ వర్స్' అనడం వినిపిస్తుంటుంది. దానికి వెనుక ఒక కథ ఉంది. పాత ఇంగ్లీషులో చెడును చెప్పడానికి ప్రధానంగా ఈవిల్ అనే మాట పూర్వరూపం వాడేవారు. దాని కంపారటివ్‌గా వర్స్ పూర్వరూపం ఉండేది. తర్వాతి కాలంలో బ్యాడ్ వచ్చి ఈవిల్ స్థానంలో కూర్చుంది. కంపారటివ్ మాత్రం పాతదే మిగిలిపోయింది. గుడ్, బెటర్ కూడా ఒక వేరు నుంచి పుట్టినవి కావు. బెటర్‌కు సొంత మూలరూపం పోయింది, గుడ్ దాని పక్కన వచ్చి చేరింది. సవతి పిల్లల్లా పోలికలు కలవకపోవడానికి కారణం అదే.

ఇలాంటి చరిత్ర ఉన్న మరో జంట నియర్, నెక్స్ట్. 'నై' అనే ఒక పాత మాట ఉండేది, దగ్గర అని అర్థం. నియర్ దాని కంపారటివ్‌గా పుట్టింది, నెక్స్ట్ దాని సూపర్లేటివ్‌గా. జనం నియర్‌లోని పోలికను మరచిపోయి దాన్ని మూలరూపంలా వాడటం మొదలుపెట్టారు. అందుకే దాని మీద మళ్లీ నియరర్, నియరెస్ట్ పుట్టాయి. లెక్క ప్రకారం నియరర్ కూడా రెండుసార్లు గుర్తు పడిన మాటే, కాని అది నిలదొక్కుకుంది. లెసర్ కూడా అంతే. వర్సర్ మాత్రం నిలదొక్కుకోలేదు. ఎందుకు అని అడిగితే వాడుకే న్యాయమూర్తి అనడం తప్ప జవాబు లేదు. తరగతిలో ఈ సూత్రం చెప్పగానే ఎవరో ఒకరు లేచి 'జూలియస్ సీజర్' నాటకంలో ఆంటోనీ 'మోస్ట్ అన్‌కైండెస్ట్' అన్నాడు కదా సార్ అంటారు. అన్నాడు. ఆ కాలంలో అది ఒత్తి చెప్పే పద్ధతి, తప్పు కాదు. తర్వాత వ్యాకరణవేత్తలు దాన్ని తప్పుల జాబితాలో చేర్చారు. షేక్‌స్పియర్‌కు బ్యాంకు పరీక్ష రాయవలసిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు వీటిని మన అచ్చులో పెడదాం. 'ద ట్రాఫిక్ ఈజ్ బ్యాడ్', 'ఐ డ్రైవ్ స్లోలీ' అనే రెండు వాక్యాలు తీసుకోండి. బ్యాడ్ అనేది వర్స్ అవుతుంది. స్లోలీ అనేది క్రియావిశేషణం, అది మోర్ స్లోలీ అవుతుంది. 'ద వర్స్ ద ట్రాఫిక్ ఈజ్, ద మోర్ స్లోలీ ఐ డ్రైవ్.' రెండో భాగాన్ని 'ద స్లోవర్ ఐ డ్రైవ్' అని కూడా అంటారు, వాడుకలో అదే ఎక్కువ. 'ద మోర్ వర్స్' అని రాస్తే ముందు చెప్పిన రెండో తప్పు, 'ద వర్స్ట్ ద ట్రాఫిక్ ఈజ్' అని రాస్తే ఇంకొక తప్పు. ఈ అచ్చులో సూపర్లేటివ్‌కు చోటు లేదు. అన్నిటికంటే పైమెట్టు చేరిపోతే అక్కడి నుంచి కొలత పెరగడానికి ఏమీ ఉండదు. కాబట్టి బెస్ట్, వర్స్ట్, మోస్ట్, లీస్ట్ ఈ అచ్చులో కనబడితే ఆ ఆప్షన్‌ను వెంటనే కొట్టేయండి.

వెల్ అనే క్రియావిశేషణానికి కూడా కంపారటివ్ బెటరే. 'యూ స్లీప్ వెల్', 'యూ రిమెంబర్ వెల్' కలిపితే 'ద బెటర్ యూ స్లీప్, ద బెటర్ యూ రిమెంబర్'. గుడ్‌కూ వెల్‌కూ ఒకే రూపం కావడం వల్ల ఇక్కడ తికమక లేదు.

కాలం విషయం కొంచెం జాగ్రత్తగా చూడండి. మొదటి భాగం షరతు, రెండోది ఫలితం. ఇఫ్ వాక్యాల్లో షరతు వైపు విల్ రాయకూడదని మీకు తెలుసు. ఇక్కడా అదే. 'ద మోర్ యూ ప్రాక్టీస్, ద బెటర్ యూ విల్ స్పీక్' సరైనది. మొదటి భాగంలో విల్ ప్రాక్టీస్ అని రాయకండి. నిత్యం జరిగే విషయమైతే రెండు వైపులా వర్తమానం చాలు. రెండు భాగాల మధ్య అండ్, సో, దెన్ ఏవీ రావు, కామా ఒక్కటే. ఎంత, అంతల బంధాన్ని ఆ రెండు 'ద'లే మోస్తున్నాయి కదా, మూడో మాటకు పని లేదు.

ఫలితాన్ని ముందు చెప్పాలనుకుంటే మాత్రం అచ్చు మారుతుంది. 'షీ గాట్ యాంగ్రియర్ ద లాంగర్ షీ వెయిటెడ్.' ఎదురుచూసిన కొద్దీ ఆమెకు కోపం పెరిగింది అని. ఇక్కడ ఫలితం మామూలు వాక్యంలా ఉండిపోయింది, దానికి 'ద' లేదు, దాని కంపారటివ్ ముందుకు రాలేదు, కామా కూడా లేదు. షరతు వైపు మాత్రమే 'ద' మిగిలింది. దీన్ని చూసి ఒక 'ద' తగ్గింది అని కొట్టేయకండి. ఇది ఒప్పు వాక్యమే.

రానురాను, నానాటికి అని చెప్పవలసిన చోట ఈ అచ్చును లాగవద్దు. హైదరాబాద్‌లో అద్దెలు నానాటికి పెరుగుతున్నాయి అనడానికి 'రెంట్స్ ఆర్ గెటింగ్ హయ్యర్ అండ్ హయ్యర్' చాలు. పొడుగు విశేషణమైతే 'మోర్ అండ్ మోర్ ఎక్స్‌పెన్సివ్'. ఒకే వస్తువు తనంతట తాను పెరుగుతుంటే అండ్. ఒకటి పెరగడం వల్ల ఇంకొకటి మారుతుంటే రెండు 'ద'లు. 'ద మోర్ అండ్ మోర్ యూ రీడ్' అని రెంటినీ కలపడం కుదరదు.

'ద' తర్వాత కంపారటివ్ వస్తే ప్రతిసారీ అది పాత 'ద' అనుకోకండి. గోల్కొండ కోట, చార్మినార్ రెండింటిలో ఏది పాతది? చార్మినార్ 1591 నాటిది, కోట అంతకంటే ముందుది. 'గోల్కొండ ఈజ్ ది ఓల్డర్ ఆఫ్ ద టూ' అంటాం. ఇక్కడ ఉన్నది మామూలు ఆర్టికలే, ఆ రెండింటిలో పాతదైన ఆ ఒక్కటి అని చూపిస్తోంది. రెండే ఉన్నప్పుడు ఓల్డెస్ట్ అనకపోవడం పరీక్షల నియమం. మాటల్లో ఓల్డెస్ట్ అనేవాళ్లు ఇంగ్లండులోనూ ఉన్నారు, అయినా మీరు ఓల్డర్ రాయండి. మూడో కట్టడం, అంటే మక్కా మసీదు, చేరగానే ఓల్డెస్ట్ తప్పనిసరి అవుతుంది.

సూపర్లేటివ్‌ను కంపారటివ్‌లోకి మార్చమనే ప్రశ్న మీకు ఎలాగూ వస్తుంది, దానిలో ఒకే ఒక చిక్కు ఉంది కాబట్టి చెప్పేస్తాను. 'హైదరాబాద్ ఈజ్ ద బిగెస్ట్ సిటీ ఇన్ తెలంగాణ' అన్నదాన్ని మార్చితే 'హైదరాబాద్ ఈజ్ బిగర్ దాన్ ఎనీ అదర్ సిటీ ఇన్ తెలంగాణ' అవుతుంది. అదర్ ఎందుకంటే తెలంగాణ నగరాల్లో హైదరాబాద్ కూడా ఒకటి. అదర్ తీసేస్తే హైదరాబాద్ తనకంటే తానే పెద్దదవుతుంది. కాని పోలుస్తున్న గుంపులో ఆ వస్తువు లేనప్పుడు అదర్ పెట్టడమే తప్పు. 'హైదరాబాద్ ఈజ్ బిగర్ దాన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్' అని ఇవాళ రాయాలి, అదర్ లేకుండా. ఇదే వాక్యాన్ని 2014 జూన్ 2కు ముందు రాసి ఉంటే అదర్ తప్పక పెట్టవలసి వచ్చేది. పాత గైడ్లలో అదర్‌తో ఉన్న ఆ వాక్యమే ఇప్పటికీ అచ్చవుతూ ఉండవచ్చు. అచ్చులో ఉంది కదా అని గుర్తించకుండా, మొదట పోల్చే గుంపులో హైదరాబాద్ ఉందా లేదా అని చూసుకోండి.